నాలుగు భాగాల్లోనూ పూతే, ఒక్క కాలనీ కూడా విడిగా రావట్లేదు

మూడో_బెంచీ
తిరుపతిలో బీఎస్సీ మైక్రో రెండో ఏడాది. ప్రాక్టికల్‌కి రెండు రకాల బ్యాక్టీరియా కలిపిన బ్రాత్ ఇచ్చారు. తెల్లగా పెరిగే ఈ. కోలై ఒకటి, పసుపుగా పెరిగే మైక్రోకాకస్ ఒకటి. స్ట్రీక్ చేసి రెండింటినీ వేరువేరు కాలనీలుగా చూపించాలి. న్యూట్రియంట్ అగర్ ప్లేటు మీద నాలుగు భాగాలుగా గీశా. 37 డిగ్రీల్లో 24 గంటలు పెట్టి తీస్తే ప్లేటంతా గీతల వెంబడి మీగడ పూసినట్టుంది. మొదటి భాగం ఎంత చిక్కగా ఉందో నాలుగోదీ దాదాపు అంతే. పసుపన్నది ఎక్కడా లేదు. రెండో ప్లేటూ ఇదే తీరు. గీతలు మాత్రం చక్కగా దగ్గరదగ్గరగానే గీశా. ఎక్కడ పోయింది?

దోసెపెనం
ముగ్గు బాగా వచ్చింది కానీ చుక్కలు పెట్టడం మరిచావన్నమాట.

వేడిసూది
గీతల సంగతి తర్వాత. బ్రాత్‌లో లూపు ముంచిన దగ్గర్నుంచి ప్లేటు మూత పెట్టేదాకా వరసగా ఏం చేశావో ఒక్కటి కూడా వదలకుండా రాయి. ముఖ్యంగా లూపు ఎన్నిసార్లు కాల్చావు?

మూడో_బెంచీ
స్పిరిట్ ల్యాంపు మీద లూపు ఎర్రగా కాల్చా. చల్లారాక బ్రాత్‌లో ముంచా. మొదటి భాగంలో ఏడెనిమిది గీతలు. ప్లేటు తిప్పి, మొదటి గీతల్ని తగిలిస్తూ రెండో భాగం. మళ్ళీ తిప్పి మూడు, తర్వాత నాలుగు. అయిపోయాక లూపు కాల్చి పక్కన పెట్టేశా. అంటే మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. గీస్తూ పోతే లూపు మీదున్నది అరిగిపోయి నాలుగో భాగానికి కొంచెమే మిగులుతుంది కదా అనుకున్నా.

వేడిసూది
దొరికింది. ఆ "అరిగిపోతుంది" అన్న లెక్క దగ్గరే తప్పంతా ఉంది. కొత్తగా స్ట్రీక్ చేసేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే పడతారు.

రాత్రంతా పెరిగిన ఈ. కోలై బ్రాత్‌లో మిల్లీలీటరుకి సుమారు వంద కోట్ల కణాలుంటాయి. 4 మిల్లీమీటర్ల లూపు నిండా తీస్తే అందులో వందో వంతు, అంటే 10 మైక్రోలీటర్లు వస్తుంది. అంటే నీ లూపు మీదికి ఎక్కినవి కోటి కణాలు. మొదటి భాగంలో గీసినప్పుడు చాలావరకు అగర్ మీద దిగాయనే అనుకుందాం. అయినా తీగ మీద లక్షల్లో మిగులుతాయి. ఆ లూపుతోనే తిప్పితిప్పి గీస్తే మిగతా మూడు భాగాలకీ ఆ లక్షలే పంచిపెడుతూ పోతావు. ప్లేటు మీద విడిగా కాలనీలు రావాలంటే చివరి భాగంలో పదుల్లోనే పడాలి. లక్షలు ఎంత అరిగితే పదులవుతాయి?

అందుకే భాగానికీ భాగానికీ మధ్య లూపు కాల్చాలి. కాల్చాక తీగ మీద ఏమీ ఉండదు. అప్పుడు ఆ ఖాళీ లూపుతో వెనకటి భాగం చివరి గీతల మీదుగా రెండు మూడు సార్లు లాగితే కొన్నే ఎక్కుతాయి. దెబ్బకి వందో వంతు వస్తుందనుకో. కోటి, లక్ష, వెయ్యి, పది. సరిగ్గా వందో వంతే అని కాదు, చెయ్యిని బట్టి మారుతుంది. తగ్గే తీరు మాత్రం అదే.

క్యూలైన్_కబుర్లు
కొండ మీద వైకుంఠం కాంప్లెక్సు లెక్కే ఇది. ఒక కంపార్ట్‌మెంటు గేటు మూస్తేనే తర్వాతదానికి కొంతమంది వెళ్తారు. గేట్లన్నీ తెరిచిపెడితే గుడి ముందు కూడా తోపులాటే.

చిత్తూరు_ల్యాబ్
వేడిసూది గారితో నేను ఒప్పుకోను. మేము రోజూ యూరిన్ కల్చర్లు వేస్తాం. ఒక్కసారి ముంచుతాం, మధ్యలో ఒక గీత లాగుతాం, దానికి అడ్డంగా ప్లేటంతా గీసేస్తాం. మధ్యలో కాల్చే పనే లేదు. కాలనీలు విడివిడిగా నిక్షేపంలా వస్తాయి. కాల్చకపోవడం వల్ల కాదు, ఆ పిల్లోడి గీతలు సరిగ్గా లేవు.

మూడో_బెంచీ
పిల్లోడు కాదండీ, పిల్ల.

వేడిసూది
చిత్తూరు అన్నా, మీరు చేసేది మీ పనికి సరైందే, కానీ ఆ పని వేరు. మీ లూపు కొలత లూపు, 1 మైక్రోలీటరే పడుతుంది. యూరిన్‌లో మిల్లీలీటరుకి లక్ష ఉంటే మీ లూపు మీదికి వచ్చేవి వంద. ఆ వందనీ ప్లేటంతా పరిచి లెక్కపెట్టి, వెయ్యితో గుణించి రిపోర్టు రాస్తారు. మధ్యలో కాలిస్తే కొన్ని చచ్చిపోయి మీ లెక్కే తప్పుతుంది. అందుకే కాల్చకూడదు. ఈ అమ్మాయి లూపు మీద ఉన్నవి కోటి. లెక్కపెట్టడం ఆమె పని కాదు, విడదీయడం. మీ పద్ధతిలో ఈ బ్రాత్ గీసి చూడండి, ప్లేటంతా మీగడే.

చిత్తూరు_ల్యాబ్
ఆ వంద లెక్క సరే, ఒప్పుకుంటా. చీము స్వాబ్‌కి మేమూ కాలుస్తాం లెండి, ఆ మాట రాయడం మరిచినా. కానీ అన్ని భాగాలకీ కాల్చక్కర్లేదు. మొదటిదయ్యాక ఒకసారి కాలిస్తే చాలు.

అగరుబత్తి
స్వాబ్‌లో ఎన్నున్నాయో ముందే తెలీదు కదా. తక్కువ ఉన్నప్పుడు ఒకసారి కాలిస్తే సరిపోవచ్చు. రాత్రి పెరిగిన బ్రాత్‌కి మాత్రం ప్రతిసారీ కాల్చాల్సిందే.

నల్లరేగడి
నాకొక అనుమానం. మీడియానే పాడైపోయిందేమో? ప్లేటంతా పెరిగిందంటే కంటామినేషనే. పోసేటప్పుడు మూత తెరిచి పెట్టుంటారు.

వేడిసూది
కాదు. ఆ తేడా కళ్ళతోనే కనిపెట్టొచ్చు. గాల్లోంచి పడ్డది గీతల్ని చూసి పడదు, గీతల మధ్య ఖాళీలో ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. ఈమె పెరుగుదల గీతల వెంబడే ఉంది. లూపు కాల్చలేదనడానికి గుర్తు ఇంకోటుంది: నాలుగు భాగాల్లోనూ చిక్కదనం దాదాపు ఒకేలా ఉంటుంది. సరిగ్గా కాల్చినదాంట్లో మెట్లు దిగినట్టు తగ్గుతుంది.

మూడో_బెంచీ
సరే సార్, ఈరోజు మళ్ళీ వేశా. ప్రతి భాగం తర్వాతా ఎర్రగా కాల్చా. రేపు ఫలితం పెడతా.

వేరుశనగ_బుడిపె
సందట్లో సడేమియా అనుకోండి. వేరుశనగ వేరు బుడిపెల్లోంచి రైజోబియం తీస్తున్నా, కాంగో రెడ్ కలిపిన ఈస్ట్ మానిటాల్ అగర్ మీద. మధ్యలో కాలుస్తూనే గీస్తున్నా. అయినా కాలనీలు కారిపోయి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. మూడో రోజు మంచి పెద్ద కాలనీలే వచ్చాయి, ఎర్ర రంగు బాగా పీల్చుకున్నాయి.

అగరుబత్తి
మూడో రోజుకే పెద్దగా వచ్చి, ఎర్ర రంగు బాగా పీల్చుకున్నాయంటే అవి రైజోబియం అయ్యే అవకాశం తక్కువ. వేరుశనగది నెమ్మదిగా పెరిగే రకం, వారం దాకా ఆగాల్సి ఉంటుంది. రంగు కూడా దాదాపు పీల్చుకోదు, తెల్లగా, కొంచెం గులాబిగా, జిగురుగా ఉంటుంది. బుడిపె పైచర్మాన్ని శుద్ధి చేయడంలో ఏదో మిగిలిపోయినట్టుంది. కాలనీలు కలిసిపోవడానికి జిగురు ఒక కారణమైతే, తడి ప్లేటు రెండోది. దీనికి వేరే దారం తెరవండి, ఇక్కడ పాప లూపు కాలుతోంది.

వేరుశనగ_బుడిపె
తడి ప్లేటా? పోసిన అరగంటకే వాడుతున్నా.

అగరుబత్తి
అదే మరి. ఈ మాట మూడో_బెంచీకీ పనికొస్తుంది. అగర్ మరీ వేడిగా ఉన్నప్పుడు పోస్తే మూత లోపల ఆవిరి నీళ్ళై నిలుస్తుంది. ఆ చుక్క అగర్ మీద పడితే గీసిన గీత చెరిగి పక్కదాంట్లోకి పారుతుంది. మనవైపు మే నెలలో ఫ్లాస్కు తొందరగా చల్లారదు, ఆగలేక 60 డిగ్రీల్లోనే పోసేస్తారు. 45 నుంచి 50 మధ్యకి రానివ్వండి. ఫ్లాస్కుని చేత్తో పట్టుకుంటే వేడిగా ఉన్నా పట్టుకుని ఉండగలగాలి. ప్లేటుకి 15 నుంచి 20 మిల్లీలీటర్లు పోసి, గట్టిపడ్డాక ఇంక్యుబేటర్లో మూత ఓరగా తెరిచి, అగర్ ముఖం కిందికి పెట్టి అరగంట ఆరబెట్టండి. స్ట్రీక్ చేశాక కూడా తలకిందులుగానే పెట్టాలి, ఇది అందరికీ తెలిసిందే.

దోసెపెనం
అందరికీ తెలిసిందే అన్నదాన్నే అందరూ మరిచిపోతారు.

మూడో_బెంచీ
ఫలితం. ఈసారి మొదటి భాగం మాత్రమే పెరిగింది. రెండో భాగంలో వెనకటి గీతల్ని దాటిన చోట కొంచెం మసక. మూడు, నాలుగు ఖాళీ, అద్దంలా ఉన్నాయి! పోయినసారి ఎక్కువైంది, ఈసారి అసలు లేదు. కాల్చమన్నారు, కాల్చా. ఇప్పుడేమైంది?

చిత్తూరు_ల్యాబ్
నేను చెప్పలా. ఎక్కువ కాలిస్తే ఇట్టనే ఉంటుంది.

వేడిసూది
కాల్చడం ఎక్కువవడం వల్ల కాదన్నా, చల్లార్చడం తక్కువవడం వల్ల. దీనికి రెండు కారణాలే ఉంటాయి. ఒకటి, లూపు వేడిగా ఉండగానే వెనకటి గీతల మీద పెట్టి ఉండాలి, అక్కడున్నవి మాడిపోయాయి. లేదంటే కొత్త గీతలు వెనకటి భాగాన్ని అసలు తగల్లేదు.

ప్లేటుని ట్యూబ్‌లైటుకి ఎదురుగా కాస్త వాల్చి పట్టుకుని చూడు. రెండో భాగం మొదలైన చోట అగర్ కరిగి గట్టిపడ్డట్టు మెరిసే కాలువ ఉంటే అది వేడి. అగర్ నున్నగా ఉండి, రెండు భాగాల గీతల మధ్య సందు కనిపిస్తే తగలకపోవడం.

మూడో_బెంచీ
మెరిసే కాలువలే ఉన్నాయి. అది చూశాక గుర్తొచ్చింది, గీసేటప్పుడు "సుయ్" అని చిన్న శబ్దం కూడా వచ్చింది. తిరగమోత గింజలా అనిపించి నవ్వుకున్నా.

దోసెపెనం
ఆ తిరగమోతలో వేగింది మైక్రోకాకస్సే.

వేడిసూది
ఆ శబ్దం వచ్చిందంటే రెండు నష్టాలు. లూపుకి తగిలినవి చచ్చిపోతాయి. పైగా ఎగిసే ఆవిరితో సన్నటి తుంపర లేచి గాల్లోకి పోతుంది, ఆ తుంపరలో బతికినవి కూడా ఉండొచ్చు. రోగం కలిగించే రకాలతో పనిచేసేటప్పుడు రెండోదే ప్రమాదం.

ఇలా చెయ్యి. తీగ మొత్తం, హోల్డరు దాకా, ఎర్రగా కాల్చు. లూపు తడిగా ఉన్నప్పుడు నేరుగా మంట పైభాగంలో పెట్టకు, చిటపటమని చిమ్ముతుంది. ముందు మంట కింది భాగంలో, తక్కువ వేడి దగ్గర ఆరనిచ్చి, తర్వాత పైకి జరుపు. కాల్చాక 15 సెకన్లు గాల్లో ఆగు, ఊదొద్దు, అటూ ఇటూ ఊపొద్దు. అప్పుడు అగర్‌లో గీతలు లేని అంచు దగ్గర ఒక్కసారి ఆనించు. శబ్దం లేకుండా ఆనితే చల్లారినట్టు. అప్పుడు మొదటి భాగం చివరి రెండు మూడు గీతల మీదుగా లాగి, కొత్త చోటికి వెళ్ళిపో. ఆ తర్వాత వెనక్కి రావద్దు. మొదటి రెండు మూడు లాగుళ్ళు మాత్రమే వెనకటి భాగాన్ని తాకాలి, మిగిలినవన్నీ ఖాళీ అగర్ మీదే. చాలామంది ప్రతి గీతకీ వెనక్కి వెళ్ళి మళ్ళీ మళ్ళీ ఎక్కించుకుంటారు. అలా చేస్తే కాల్చిన ఫలం పోయినట్టే.

అగరుబత్తి
ఒకటి కలుపుతా. లూపుని అగర్ మీద దాదాపు పడుకోబెట్టాలి, 20 నుంచి 30 డిగ్రీల వాలు. నిలబెట్టి గీస్తే అగర్ చీలుతుంది, చీలికలోకి దిగిన కణాలు లోపలే పెరిగి కాలనీకి ఆకారం ఉండదు. పెన్ను రాసినట్టు కాదు, వెన్న రాసినట్టు. తీగ వంగిపోయి ఉంటే ముందు దాన్ని సరిచేసుకో, వంకర లూపుతో ఎంత నేర్పున్నా చీలుతుంది.

నల్లరేగడి
ప్లాస్టిక్ డిస్పోజబుల్ లూపులుంటే ఈ గొడవే లేదు. కాల్చక్కర్లేదు.

వేడిసూది
కాల్చక్కర్లేదు, కానీ భాగానికొక కొత్త లూపు తీసుకోవాలి. ఒకే ప్లాస్టిక్ లూపుతో నాలుగూ గీస్తే మళ్ళీ మొదటి ప్లేటే వస్తుంది. కాలేజీలో నాలుగు లూపులు ఒక ప్లేటుకి ఖర్చుపెట్టనిస్తారా అన్నది మీరే చూసుకోండి. ఆటోక్లేవ్ చేసిన పళ్ళపుల్లలు కూడా అదే పని చేస్తాయి, భాగానికొకటి.

చిత్తూరు_ల్యాబ్
నాలుగు భాగాలు ఎందుకప్పా, మూడు చాలు. మేము స్వాబ్‌లకి మూడే వేస్తాం. మూడో భాగం పెద్దదిగా ఉంటే కాలనీలకి చోటెక్కువ. నాలుగంటే చివరిది మూలకి నలిగిపోతుంది.

అగరుబత్తి
మూడు భాగాలంటే తగ్గేది రెండుసార్లే. బాగా చిక్కటి బ్రాత్‌కి అది చాలదు. పలచన చేసుకుని వేస్తే మూడు చాలు.

చిత్తూరు_ల్యాబ్
పలచన చేసుకోమని నేనెప్పుడన్నా వద్దన్నానా?

వేడిసూది
ఈ తగువు తెగేది కాదు. నేను నాలుగే వేస్తా, కానీ నాలుగోది పెద్దగా ఉంచుతా. మొదటి మూడూ అంచు వెంబడి చిన్నగా గీసి, మధ్యనంతా నాలుగో దానికి వదులుతా. ప్లేటు 90 మిల్లీమీటర్లే, మొదటి భాగానికి సగం ప్లేటు ఇచ్చేవాళ్ళే చోటు లేదని ఏడుస్తారు.

మూడో_బెంచీ
ఇంకో ప్రశ్న. పసుపు కాలనీ అసలు కనిపించడం లేదు కదా, అది చచ్చిపోయిందా?

వేడిసూది
మొదటి ప్లేటులో చచ్చిపోవడం కాదు, కప్పబడిపోయింది. ఈ. కోలై తొందరగా పెరుగుతుంది, మైక్రోకాకస్ నెమ్మది. పూతలా పెరిగినచోట నెమ్మదైనది కిందే ఉండిపోతుంది. కలిపిన బ్రాత్‌ని రాత్రంతా ఉంచితే ఈ. కోలై ఇంకా పైచెయ్యి అవుతుంది, కాబట్టి రెండింటినీ వేరువేరుగా పెంచి, స్ట్రీక్ చేసే ముందు కలిపితే మంచిది. నీకిచ్చిన బ్రాత్ ఎప్పుడు కలిపారో అడుగు. మరో సంగతి, 24 గంటలకే తీసి చూస్తున్నావు. ఆ పసుపు కాలనీలు 24 గంటలకి సూదిమొనంతే ఉంటాయి, 48 గంటలకి రంగు తేలుతుంది. 37 కంటే 30 డిగ్రీలు వాటికి ఇంకా నచ్చుతుంది.

మూడో_బెంచీ
అడిగా. ముందురోజు సాయంత్రమే కలిపి ఇంక్యుబేటర్లో పెట్టారట. ఈసారి విడివిడి బ్రాత్‌లు అడిగి తెచ్చుకున్నా, అప్పటికప్పుడు సమానంగా కలిపి వేశా. 30 డిగ్రీలు, రెండు రోజులు.

క్యూలైన్_కబుర్లు
రెండు రోజులు ఈ దారం పైకి తెస్తూ ఉంటా.

మూడో_బెంచీ
తీశా! మొదటి భాగం నిండా పూత. రెండోది గీతలుగానే ఉంది కానీ అంచుల్లో విడివిడిగా గింజలు. మూడోదాంట్లో లెక్కపెట్టగలిగా, 43. నాలుగోదాంట్లో 9 తెలుపు, 4 పసుపు. పసుపువి చిన్నవి, గుండ్రం, నిమ్మపండు రంగు. ఈసారి సుయ్ అనలేదు. ఒక పసుపు కాలనీ పక్కనే తెల్లది ఆనుకుని ఉంది, అది పెద్దగా అందంగా ఉంది, దాన్నే తీసి చూపిద్దామా?

వేడిసూది
అస్సలు వద్దు. ఆనుకున్నదాన్ని తాకితే రెండూ వస్తాయి. చుట్టూ కనీసం 3, 4 మిల్లీమీటర్లు ఖాళీ ఉన్నదాన్ని తీయి, చిన్నదైనా పర్లేదు. లూపు మొన మాత్రం తగిలించు. కాలనీ మొత్తం ఊడ్చుకు రాకు, కంటికి కనిపించే కాలనీలోనే కోటికి పైగా ఉంటాయి, మళ్ళీ మొదటి కథే అవుతుంది. కొత్త ప్లేటు మీద ఇదే పద్ధతిలో నాలుగు భాగాలు గీసి, అక్కడొచ్చిన ఒంటరి కాలనీని ఇంకోసారి గీయి. అంతా ఒకే రంగు, ఒకే ఆకారం ఉంటే గ్రామ్ స్టెయిన్ వేసి చూడు. మైక్రోకాకస్ ఊదారంగులో గుండ్రంగా, నాలుగేసి గుంపులుగా కనిపించాలి. ఎక్కడైనా గులాబీ కడ్డీలు కనిపిస్తే ఈ. కోలై ఇంకా వెంటే ఉంది.

నల్లరేగడి
ఒక్క కాలనీ అంటే ఒక్క కణం నుంచే కదా వచ్చేది, మళ్ళీ మళ్ళీ గీయడం దేనికి?

అగరుబత్తి
మైక్రోకాకస్ లాంటివి విభజన తర్వాత విడిపోకుండా గుంపుగానే ఉంటాయి, ఆ గుంపంతా కలిసి ఒక్క కాలనీ అవుతుంది. ఆ గుంపుకి ఇంకో రకం అతుక్కుని ఉంటే పైకి కనపడదు. మెకాంకీ లాంటి ఎంపిక మీడియాలోనైతే ఇంకా మోసం: పెరగనివ్వకుండా ఆపింది కానీ చంపలేదు, అవి కాలనీ అడుగున బతికే ఉంటాయి. అక్కణ్ణుంచి తీసి న్యూట్రియంట్ అగర్ మీద గీస్తే బయటపడతాయి.

చిత్తూరు_ల్యాబ్
ఇంతకీ మూడు భాగాల సంగతి ఎవరూ ఒప్పుకోలేదు. రేపు మా ల్యాబ్‌లో రాత్రి బ్రాత్‌తో మూడు భాగాలు, మధ్యలో కాల్చి వేస్తా, ఫోటో పెడతా.

దోసెపెనం
పెట్టన్నా. మీగడొస్తే పెరుగన్నంలోకి పనికిరాదని ముందే చెప్తున్నా.

మూడో_బెంచీ
రెండోసారి గీసిన ప్లేటు 30 డిగ్రీల్లో పెట్టా. ఒంటరి పసుపు కాలనీ ఒకటి, ఒంటరి తెల్లది ఒకటి, ఒక్కోదానికి ఒక్కో ప్లేటు. అడుగున మార్కరుతో భాగాలూ, తేదీ, పేరూ రాశా.

వేడిసూది
మూత మీద రాయకుండా అడుగున రాశావు, అది సరైన పని. మూతలు తారుమారైతే రెండు రోజుల శ్రమ పోతుంది. శుక్రవారం గ్రామ్ స్టెయిన్ చూశాక చెప్పు.